గల్ఫ్‌లో పనిచేస్తూ ఇండియాలో షేర్లు, ఫండ్లు: ఎన్నారై హోదా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

దుబాయ్, కువైట్, మస్కట్, దోహా వెళ్లి పనిచేసేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. ఊళ్లో ఉన్నప్పుడు మొదలుపెట్టిన సిప్పు, కొన్న నాలుగు షేర్లు, పాత సేవింగ్స్ ఖాతా విమానం ఎక్కాక ఏమవుతాయన్నదే ఇందులో విషయం. మధ్యలో ఒక ఉదాహరణ పదేపదే వస్తుంది. జగిత్యాల నుంచి షార్జా వెళ్లిన ఒక ఎలక్ట్రీషియన్, 2025 నవంబర్ 20న బయల్దేరాడు అనుకుందాం. ఆయన చేతిలో నెలకు 3,000 సిప్పు ఒకటి, 2025 ఆగస్టులో కొన్న కొన్ని షేర్లు, ఒక మామూలు బ్యాంకు ఖాతా ఉన్నాయి.

నేను లేబర్ వీసా మీద వచ్చినవాణ్ని. నన్ను కూడా ఎన్నారై అంటారా?

అంటారు. ఎన్నారై అనగానే అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కారు గుర్తొస్తాయి కాబట్టి చాలామంది "అది మాకు కాదులే" అనుకుంటారు. చట్టానికి జీతంతో, హోదాతో పనిలేదు. మేస్త్రీ అయినా మేనేజర్ అయినా, ఉద్యోగం కోసం దేశం దాటిన భారత పౌరుడికి రూలు ఒకటే.

ఎన్ని రోజులు బయట ఉంటే ఎన్నారై అవుతాను?

దీనికి ఒక జవాబు లేదు, రెండున్నాయి. ఉన్న గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది.

డబ్బు ఏ ఖాతాలో ఉండాలి, షేర్లు ఏ డీమ్యాట్‌లో ఉండాలి అనేది చెప్పేది ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం. ఉద్యోగం కోసం దేశం విడిచినవాడి విషయంలో అది రోజులు లెక్కపెట్టదు. మీరు పనికోసం బయల్దేరిన రోజు నుంచే మీరు ఈ దేశంలో నివాసి కాదు. "ఆరు నెలలు దాటాక చూద్దాం" అని బ్యాంకు కౌంటర్ దగ్గర కూడా చెప్పేవాళ్లున్నారు. ఉద్యోగానికి వెళ్లినవాళ్ల విషయంలో అది తప్పు.

లాభం మీద పన్ను ఎంత, ఏ జీతం మీద పన్ను అనేది చెప్పేది ఆదాయపు పన్ను చట్టం. అది మాత్రం రోజులే లెక్కపెడుతుంది, అదీ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. ఉద్యోగం కోసం వెళ్లిన ఏడాదిలో మీరు ఇండియాలో 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ ఏడాదికి మీరు ఇక్కడి నివాసే. అంతకు తక్కువైతే కాదు. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే 182వ రోజు సెప్టెంబర్ 29న పడుతుంది. అందుకే సెప్టెంబర్ మధ్యలో విమానం ఎక్కినవాడికీ, అక్టోబర్‌లో ఎక్కినవాడికీ ఆ ఏడాది పన్ను లెక్క వేరుగా ఉంటుంది. ఎక్కిన రోజు, దిగిన రోజు రెండూ ఇండియాలో ఉన్నట్టే లెక్కేసుకోండి, గొడవ ఉండదు. సాక్ష్యం మీ పాస్‌పోర్ట్‌లోని ఇమిగ్రేషన్ ముద్ర.

మన ఎలక్ట్రీషియన్ సంగతి చూడండి. ఆయన నవంబర్ 20న వెళ్లాడు. ఫెమా ప్రకారం ఆ రోజు నుంచే ఎన్నారై. పన్ను ప్రకారం ఏప్రిల్ నుంచి అప్పటికి 234 రోజులు ఇక్కడే ఉన్నాడు కాబట్టి 2026 మార్చి 31 దాకా ఇండియా నివాసే. అంటే నాలుగు నెలల పైచిలుకు ఆయన ఒక చట్టానికి బయటివాడు, ఇంకో చట్టానికి లోపలివాడు.

అయితే ఆ నాలుగు నెలల షార్జా జీతానికి ఇక్కడ పన్ను కట్టాలా?

లెక్కలో చూపాలి. పన్ను పరంగా నివాసి అయినవాడికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. చూపినంత మాత్రాన పన్ను పడుతుందని కాదు, మామూలు కార్మికుడి జీతానికి చాలాసార్లు ఏమీ పడదు. కానీ అక్కడ బ్యాంకు ఖాతా తెరిచి ఉంటే, ఆదాయం పరిమితి లోపల ఉన్నా రిటర్ను వేసి ఆ ఖాతా వివరం రాయాల్సి వస్తుంది. సెప్టెంబర్ 28లోపు వెళ్లినవాడికి ఈ బెడద లేదు. గల్ఫ్ జీతం ఆయన లెక్కలోకే రాదు.

పాత సేవింగ్స్ ఖాతా నుంచే సిప్పు కటవుతోంది. అలాగే ఉంచితే ఏమవుతుంది?

మొదట ఏమీ కాదు. ఫోన్ మోగదు, ఉత్తరం రాదు, డబ్బు నెలనెలా కటవుతూనే ఉంటుంది. అందుకే మనవాళ్లు ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు. ఇబ్బంది బయటపడేది డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడో, బ్యాంకు కేవైసీ మళ్లీ అడిగినప్పుడో. పాస్‌పోర్ట్‌లో మూడేళ్ల వీసా ముద్రలు, ఖాతా మీద మాత్రం నివాసి అని ఉంటుంది. అప్పుడు ఖాతాను ఆపేసి, పత్రాలు తెచ్చేదాకా కదలనివ్వరు. సరిగ్గా చెల్లి పెళ్లికో ఇల్లు స్లాబుకో డబ్బు కావాల్సిన వారంలోనే ఇది జరగడం నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను.

చట్టం మాటకొస్తే, ఫెమా ఉల్లంఘనకు ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేసే అధికారం ఉంది. అంత భయపెట్టడం నా ఉద్దేశం కాదు. తప్పు తెలిసిన రోజున సరిదిద్దుకోవడం మేలు. ఆలస్యమైందని దాచుకుంటే చిక్కు పెరుగుతుంది.

మరి ఏం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్యాంకు దగ్గర. వరుస తప్పితే పని రెండుసార్లు అవుతుంది కాబట్టి ఈ క్రమం గుర్తుంచుకోండి: ముందు బ్యాంకు ఖాతా, తర్వాత కేవైసీ, ఆ తర్వాత ఫండ్ ఫోలియో, చివర డీమ్యాట్.

బ్యాంకులో మీ పాత ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ఎన్నారైకి ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఉండే ఖాతాగా, మార్చమని దరఖాస్తు ఇవ్వాలి. పాస్‌పోర్ట్, వీసా లేదా అక్కడి నివాస కార్డు, అక్కడి చిరునామా అడుగుతారు. సౌదీలో అయితే ఇకామా, కువైట్‌లో బతాకా, దుబాయ్, షార్జాల్లో ఎమిరేట్స్ ఐడీ. కార్డు మీద అరబిక్ మాత్రమే ఉంటే ఇంగ్లిష్ అనువాదం జత చేయాలి. అక్కడి నుంచి పంపితే నకళ్ల మీద భారత రాయబార కార్యాలయం, నోటరీ లేదా మన బ్యాంకుల విదేశీ శాఖ ధ్రువీకరణ కావాలి. సెలవుకి వచ్చినప్పుడు అసలు పత్రాలు చూపించి బ్రాంచిలోనే చేయించుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి.

ఇక్కడొక చిన్న మెలిక. కొన్ని బ్యాంకులు ఖాతా మార్చేటప్పుడు నంబరు కూడా మారుస్తాయి. నంబరు మారితే సిప్పుకి మీరు ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి చెల్లదు. వాయిదా బౌన్స్ అవుతుంది, బ్యాంకు దానికి చార్జీ వేస్తుంది, వరుసగా మూడు నెలలు తప్పితే నెలవారీ సిప్పు దానంతట అదే రద్దవుతుంది. కాబట్టి "నంబరు మారుతుందా?" అని కౌంటర్‌లో ముందే అడగండి. మారేట్టయితే సిప్పును నిలిపి, కొత్త ఖాతాతో కొత్త అనుమతి ఇవ్వండి.

తర్వాత కేవైసీ. అది ఒక్కో ఫండుకి విడివిడిగా ఉండదు, పాన్ నంబరు మీద ఒకే చోట నమోదై ఉంటుంది. కేవైసీ మార్పు ఫారంలో హోదా నివాసి నుంచి ఎన్నారైగా మార్చి, విదేశీ చిరునామా రాసి ఇవ్వాలి. పని పూర్తయిందో లేదో కేవైసీ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో పాన్ కొట్టి చూసుకోవచ్చు. `On Hold` అని కనిపిస్తే ఏదో పత్రం తేలలేదని అర్థం. ఆ స్థితిలో కొత్త పెట్టుబడి ముందుకు పోదు. ఇది పూర్తయ్యాక ప్రతి ఫండ్ ఫోలియోలోనూ హోదా, బ్యాంకు ఖాతా మార్పించాలి. మ్యూచువల్ ఫండ్లకు ఇంతకు మించి ప్రత్యేక అనుమతులేమీ అక్కర్లేదు.

ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాల్లో నాకేది కావాలి?

ఎన్‌ఆర్‌ఓ ఇండియాలో పుట్టిన డబ్బు కోసం: ఇంటి అద్దె, కౌలు, పాత షేర్లు అమ్మిన సొమ్ము. ఎన్‌ఆర్‌ఈ బయట సంపాదించి పంపిన డబ్బు కోసం. ఎన్‌ఆర్‌ఈలోని డబ్బు ఎప్పుడు కావాలన్నా తిరిగి విదేశానికి తీసుకెళ్లవచ్చు, దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద 30 శాతం, దానిపై సెస్సు మొదటి రూపాయి నుంచే కోస్తారు.

ఫండ్ పెట్టుబడి రెండింట్లో దేని నుంచైనా చేయవచ్చు. నాలుగైదేళ్లలో ఊరికి తిరిగొచ్చి ఇక్కడే ఖర్చు పెట్టేవాడికి, డబ్బు మళ్లీ దుబాయ్ తీసుకెళ్లే వీలుందా లేదా అనేది పెద్ద విషయం కాదు. నా సలహా అడిగితే, జీతం ఎన్‌ఆర్‌ఈకి పంపండి, వడ్డీ మిగులుతుంది. కొత్త సిప్పు అక్కడి నుంచే పెట్టండి. పాత ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా ఉంచి, ఊళ్లో వచ్చే ఆదాయాన్ని దాంట్లో వేసుకోండి. ఎన్‌ఆర్‌ఈ నుంచి ఎన్‌ఆర్‌ఓకి డబ్బు సులువుగా పోతుంది. అటు నుంచి ఇటు రావాలంటే పన్ను కాగితాలు చూపాలి.

షేర్ల సంగతేంటి? పాతవి అమ్మేయాలా?

అక్కర్లేదు. నివాసిగా ఉన్నప్పుడు కొన్న షేర్లను ఉంచుకునే హక్కు మీకుంది. కాకపోతే పాత డీమ్యాట్‌లో ఉంచకూడదు. ఎన్‌ఆర్‌ఓ డీమ్యాట్ తెరిచి అందులోకి బదిలీ చేయించాలి. మీ ఖాతా నుంచి మీ ఖాతాకే కాబట్టి అది అమ్మకం కాదు, పన్ను పడదు, కొన్న తేదీ కూడా పాతదే ఉంటుంది. ఈ చివరి మాట ఎంత విలువైనదో తర్వాతి ప్రశ్నలో తెలుస్తుంది.

కొత్తగా కొనాలంటే దారులు రెండు. ఎన్‌ఆర్‌ఈ డబ్బుతో, తిరిగి బయటికి తీసుకెళ్లే హక్కుతో కొనాలంటే బ్యాంకు ద్వారా పిస్ అనే అనుమతి తీసుకోవాలి. ప్రతి లావాదేవీ రిజర్వ్ బ్యాంకుకు చేరుతుంది, దానికి బ్యాంకు చార్జీలూ ఉంటాయి. ఎన్‌ఆర్‌ఓ డబ్బుతో కొంటే పిస్ అక్కర్లేదు. నెలకు అయిదారు వేల రూపాయల షేర్లు కొనేవాడికి పిస్ చార్జీలే లాభాన్ని తినేస్తాయి, ఎన్‌ఆర్‌ఓ చాలు. ఏ దారిలోనైనా షేరు కొంటే డెలివరీ తీసుకోవాల్సిందే. పొద్దున కొని సాయంత్రం అమ్మే ఇంట్రాడే ఎన్నారైలకు లేదు.

పన్ను నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. లెక్క వేసే చూద్దాం. మన ఎలక్ట్రీషియన్ 2025 ఆగస్టులో కొన్న షేర్ల మీద 40,000 లాభం వచ్చింది. ఎప్పుడు అమ్మాలా అని ఆలోచిస్తున్నాడు.

2026 జనవరిలో అమ్మాడనుకోండి. ఆ ఏడాదికి ఆయన పన్ను పరంగా నివాసి. వెళ్లే ముందు ఇక్కడ 1,60,000 సంపాదించాడు. షార్జా జీతం మార్చి వరకు రూపాయల్లో 1,90,000 అయిందనుకుందాం. మొత్తం 3,50,000. కొత్త పన్ను విధానంలో 4,00,000 దాకా పన్ను లేదు కాబట్టి ఇంకో 50,000 ఖాళీ ఉంది. 40,000 లాభం ఆ ఖాళీలో సర్దుకుంటుంది. పన్ను సున్నా. బ్రోకరు ఎన్నారై అని ముందే కొంత కోసినా, రిటర్ను వేసి తిరిగి తీసుకోవచ్చు.

అదే షేర్లు 2026 మేలో అమ్మాడనుకోండి. ఇప్పుడాయన రెండు చట్టాలకీ ఎన్నారై. కొని ఇంకా పన్నెండు నెలలు దాటలేదు కాబట్టి స్వల్పకాలిక లాభం, 20 శాతం. షేర్ల లాభాన్ని ఆ నాలుగు లక్షల ఖాళీలో సర్దుకునే వీలు నివాసికే ఉంది, ఎన్నారైకి లేదు. ఇండియాలో ఆయనకు వేరే ఆదాయం ఒక్క రూపాయి లేకపోయినా 8,000 పన్ను, దాని మీద 4 శాతం సెస్సు 320, మొత్తం 8,320 పోతుంది. చాలామందికి మింగుడుపడనిది ఇదే. "నాకు ఇక్కడ ఆదాయమే లేదు కదా, పన్నెందుకు?" అంటారు. ఆ మినహాయింపు ఆయనకు వర్తించదు, అంతే.

ఇంకో దారి ఉంది. సెప్టెంబర్ దాకా ఆగాడనుకోండి. పన్నెండు నెలలు దాటాయి, దీర్ఘకాలిక లాభం అయింది. దాంట్లో ఏడాదికి 1,25,000 వరకు పన్ను లేదు, ఈ వెసులుబాటు ఎన్నారైకి కూడా ఉంది. మళ్లీ పన్ను సున్నా. ఆ పరిమితి దాటిన భాగానికి 12.5 శాతం. డీమ్యాట్ మారినా కొన్న తేదీ పాతదే ఉంటుందన్న మాట ఇక్కడ పనికొచ్చింది.

కాబట్టి వెళ్లిన మొదటి ఏడాది మార్చిలోపు అమ్మితే ఒక లెక్క, తర్వాత అమ్మాలంటే ఏడాది నిండే వరకు ఆగితే ఒక లెక్క. రెంటికీ నడుమ అమ్మితేనే దెబ్బ. ఈక్విటీ ఫండ్లకూ ఇదే కొలత. సిప్పులో మాత్రం ప్రతి నెల వాయిదాకూ దాని పన్నెండు నెలలు దానివే. జనవరి వాయిదా ఏడాది దాటినా, జూన్ వాయిదా దాటి ఉండకపోవచ్చు.

ఫండ్ అమ్మితే పన్ను కోసుకునే ఇచ్చారు. నివాసికి అలా చేయరు కదా?

చేయరు. నివాసి తన పన్ను తానే లెక్కేసి కట్టుకుంటాడు. ఎన్నారైకి లాభంలోంచి టీడీఎస్ ముందే కోసి మిగిలింది ఖాతాలో వేస్తారు. డెట్ ఫండ్లలో ఈ కోత 30 శాతం దాకా ఉంటుంది. అసలు పడాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే తేడా మీకే రావాలి, కానీ రిటర్ను వేస్తేనే వస్తుంది. ఎన్నారైలు ఐటీఆర్-1 వాడకూడదు, షేర్లు, ఫండ్ల లాభం ఉంటే ఐటీఆర్-2 వేయాలి. రిఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతా ఆదాయపు పన్ను పోర్టల్‌లో ధ్రువీకరించి ఉందో లేదో ముందే చూసుకోండి. పాత నంబరు ఉంటే రిఫండ్ వెనక్కి పోతుంది.

డివిడెండ్ మీద కూడా కోత ఉంటుంది, 20 శాతం, పైన సెస్సు. యూఏఈలో ఉన్నవాళ్లు అక్కడి పన్ను నివాస ధ్రువపత్రం తెచ్చిస్తే ఒప్పందం ప్రకారం 10 శాతమే. ఏడాదికి రెండు వేల డివిడెండ్ వచ్చేవాడు ఆ ధ్రువపత్రం ఫీజు కట్టి తెచ్చుకోవడం దండగ.

ఇదంతా ఎందుకు, మా ఆవిడ పేరు మీద పెట్టేస్తే పోదా?

ఎక్కువమంది చేసేది ఇదే, తప్పు కూడా కాదు. భర్త భార్యకు పంపిన డబ్బు కానుక, దాని మీద పన్ను లేదు. ఆమె నివాసి, తన పేరు మీద సిప్పు పెట్టుకోవచ్చు, డీమ్యాట్ తెరవవచ్చు.

రెండు విషయాలు మాత్రం తెలిసి చేయండి. మీరిచ్చిన డబ్బుతో పెట్టిన పెట్టుబడి మీద వచ్చే లాభాన్ని చట్టం మీ ఆదాయంగానే లెక్కేస్తుంది, ఆమె ఆదాయంగా కాదు. దీన్ని క్లబ్బింగ్ అంటారు. ఆమె పేరు మీద ఉంది కాబట్టి పన్ను నుంచి తప్పించుకున్నాం అనుకుంటే పొరపాటు. అమ్మానాన్నలకో, పెద్దయిన కొడుకు, కూతురికో ఇచ్చిన డబ్బుకు ఈ నియమం లేదు.

రెండోది, ఇచ్చాక అది ఆమెది. షార్జాలో కూర్చుని ఆమె ఓటీపీ ఫోన్‌లో చెప్పించుకుని మీరే రోజూ కొంటూ అమ్ముతూ ఉంటే, రేపు ఏ తగాదా వచ్చినా "ఖాతా ఎవరిది, ఆట ఎవరిది" అన్న ప్రశ్న లేస్తుంది. అలా చేయాలనుకుంటే మీ పేరు మీదే సక్రమంగా ఎన్‌ఆర్‌ఓ డీమ్యాట్ తెరుచుకోవడం నయం. ఇంట్లోవాళ్లకు అందుబాటు కావాలంటే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలోనే భార్యను జాయింటుగా చేర్చే వీలుంది. నివాసి అయిన దగ్గరి బంధువును "మొదటివారు లేదా తర్వాత బతికున్నవారు" పద్ధతిలో చేర్చుకోనిస్తారు.

ఇండియా సిమ్ తీసేశాను. ఓటీపీలు రావట్లేదు.

తీసేయకండి. రీచార్జి చేయక వదిలేసిన నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు పోతుంది, మీ బ్యాంకు, పాన్, డీమ్యాట్ మెసేజీలు వాళ్లకు వెళతాయి. చవకైన ప్లాన్‌తో రోమింగ్‌లో బతికించుకోండి, లేదా ఎన్నారై ఖాతాకు విదేశీ నంబరు నమోదు చేసే బ్యాంకును ఎంచుకోండి. ఈమెయిల్ కూడా మీదే ఇవ్వండి. ఇంటర్నెట్ సెంటర్ వాడి ఈమెయిల్ ఇచ్చి, వాడు షాపు ఎత్తేశాక తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

రెండు నెలల సెలవుకి వస్తే మళ్లీ నివాసి అయిపోతానా?

కాదు. ఉద్యోగం, వీసా అక్కడే ఉండగా సెలవు మీద వచ్చి పోతే హోదా మారదు. పన్ను లెక్కకు మాత్రం ఆ ఏడాది ఇక్కడి రోజులు 182కి చేరకుండా చూసుకోండి. ఇండియాలోనే పదిహేను లక్షలకు మించి ఆదాయం ఉన్నవాళ్లకు ఇంకా కఠినమైన లెక్క ఉంది. వాళ్లు ఆడిటర్ని అడగడమే మంచిది.

ఫైనల్ ఎగ్జిట్ వేసుకుని వచ్చేశాక?

ఇక తిరిగి వెళ్లే ఉద్దేశం లేకుండా వచ్చిన రోజు నుంచే ఫెమా ప్రకారం మీరు నివాసి. పన్ను చట్టం ఇప్పుడు కూడా ఆ ఏడాది రోజులనే చూస్తుంది. వెళ్లేటప్పుడు చేసిన పనే వెనక్కి చేయాలి: బ్యాంకులో చెప్పి ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలను మామూలు ఖాతాలుగా మార్పించి, కేవైసీలో నివాసి అని రాయించి, ఫోలియోలు, డీమ్యాట్ దిద్దించాలి.

వచ్చాక కూడా ఎన్‌ఆర్‌ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీకి పన్ను లేదనుకుని ఏళ్లు గడిపేసేవాళ్లు ఎక్కువ. నివాసి అయిన రోజు నుంచి ఆ వడ్డీ పన్ను కిందికి వస్తుంది. ఫండ్లలో మార్పించుకోకపోతే వాళ్లింకా మిమ్మల్ని ఎన్నారై అనే అనుకుని ప్రతి అమ్మకంలోనూ టీడీఎస్ కోస్తూ ఉంటారు. అమ్మకం స్టేట్‌మెంట్‌లో ఆ కోత కనిపించిందంటే మీ ఫోలియో హోదా ఇంకా మారలేదన్నమాట.